సున్నాతో ముగిసిన అంకెలు

మొన్జీ నర్సు పోయి నలభై రోజులు దాటాక, అతను చివరిసారి కొలిచి రాసిన రక్తపోటు అంకెలన్నీ సున్నాతోనే ముగుస్తున్నాయని వసీలా గమనించింది.

వసీలా అధ్యయనానికి తీసుకున్నవి కెఫ్ కొండల్లో ఆరు పల్లెలు. మూడింటి బేకరీల్లో రొట్టెకు ఉప్పు తగ్గించి, ఏడాదికి అందరి రక్తపోటూ మళ్లీ కొలిచారు. ఆ మూడింట్లో ఒకటైన మొన్జీ పల్లెలో మొదటిసారి 142, 138, 156. రెండోసారి 140, 130, 150, పుస్తకం నిండా అంతే. రక్తపోటు యంత్రం మీది పాదరసం గీతలు అతనికి కనబడలేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

వ్యాసంలో అధ్యయనం లోపాలు చెప్పే పరిమితుల పేరా తిరిగి రాయమని వైద్య పత్రికవాళ్లు అడిగారు. వసీలా మొదట, "కొలతల్లో స్వల్ప దోషాలు ఉండవచ్చు" అని రాసింది.

గణాంకాలు చూసే ఫౌజీ నవ్వాడు. "ఇది తప్పు మీద దుప్పటి కప్పడం, డాక్టరమ్మా."

ఉడుక్కుని ఇంకోటి రాసింది: కొలతలు నమ్మదగినవి కావు, ఈ ఫలితాలతో ఏమీ చెప్పలేం.

"ఇప్పుడేమో గొయ్యి తవ్వావు. మిగతా ఐదు పల్లెలు ఏం పాపం చేశాయి? ఆయన అంకెలు తీసేసి లెక్క వేద్దాం."

వేశారు. ఉప్పు తగ్గిన పల్లెల్లో రక్తపోటు మిగతా పల్లెలకంటే అదనంగా ఆరు పాయింట్లు తగ్గిందనుకున్నది నాలుగైంది. నాలుగు మాత్రం నిలిచింది.

అప్పుడు రాసింది: "ఒక కేంద్రంలో రెండోసారి కొలిచిన వ్యక్తి అంకెలను కింది పదులకు కుదించారు. దీనివల్ల తగ్గుదల ఎక్కువగా కనిపించి ఉండవచ్చు. ఆ కేంద్రాన్ని మినహాయిస్తే తగ్గుదల ఆరు నుంచి నాలుగుకు వస్తుంది, దిశ మారదు. పల్లెలు ఆరే కాబట్టి ఎంత తగ్గిందన్నది ఇంకా పెద్ద అధ్యయనం తేల్చాలి."

ఎక్కడా తడబాటు లేదు. అయినా పంపే మీట మీద వేలు ఆగిపోయింది. పదిహేనేళ్లు వాన లెక్కచేయక కొండలెక్కిన మనిషి, ఇక్కడ పేరు కూడా లేని "ఒక వ్యక్తి".

మర్నాడు ఆ కాగితం తీసుకుని మొన్జీ భార్య నయీమా ఇంటికి వెళ్లి, అరబ్బీలోకి మార్చి చదివి వినిపించింది.

"ఈ వ్యక్తి మా ఆయనేనా?"

"అవును పిన్నీ. పేరు చివర ఉంది, కృతజ్ఞతల్లో. నువ్వు వద్దంటే..."

"వద్దంటే అబద్ధం రాస్తావా?"

నయీమా పుదీనా టీ పోస్తూ చెయ్యి ఆపింది.

"నిరుడు చలికాలం నుంచి గ్లాసులో వేలు ముంచి పోసేవాడు. ఎంత నిండిందో తెలియడానికి." వేడి టీవైపే చూస్తూ అంది, "చేతులు కడుక్కున్నావా అని రోజూ తిట్టేదాన్ని."

గ్లాసు సగమే నిండింది. ఆమె మళ్లీ పోయలేదు.

"పంపించెయ్, అమ్మాయ్," అంది. "ఆ నాలుగైనా మిగిలింది కదా."