గొందిపురం మూడో మజరా

తలారి వెంకటప్పకు నచ్చే మనిషి గొందిపురంలో ఇంతవరకు పుట్టలేదు. సర్పంచిని చూస్తే ఆయనకు నవ్వు. ఆఫీసుకు కొత్త తహసీల్దారు వచ్చినప్పుడల్లా "ఇంకొక బొమ్మ దిగింది" అంటాడు, వాళ్లకు వినబడేంత దగ్గర్లో మాత్రం కాదు. సర్కారు ఆయన పదవికి గ్రామ రెవెన్యూ సహాయకుడని పెద్ద పేరు పెట్టినా, ఊరు తలారి అనే పిలుస్తుంది. తండ్రీ తలారే, తాతా తలారే. ఏ సర్వే నంబరు ఎక్కడ మొదలై ఏ రాయి దగ్గర ఆగుతుందో కాగితం ముట్టకుండా చెబుతాడు. అబద్ధమెందుకు, నిజంగానే చెబుతాడు. ఆ ఒక్క విద్య చూసుకునే ముప్పై ఏళ్లుగా అందరి నెత్తినా ఎక్కి కూర్చున్నాడు.

అలాంటి మనిషి దగ్గరికి ఒక సోమవారం పొద్దున సర్వేయర్ ప్రవీణ్ బండేసుకొని వచ్చాడు. పాతికేళ్ల పిల్లగాడు, చేతిలో ఫోను, వీపున సంచి.

"అన్నా, ఓబన్నకొట్టాలకు పోవల్ల. దోవ చూపిచ్చు."

వెంకటప్ప బీడీ తీసి, వాడిని కింది నుంచి పైదాకా చూశాడు. "ఓబన్నకొట్టాలా? నాలుగు కొట్టాలు, నూరు గొర్లు. అదేమన్నా ఊరా సామీ, నువ్వు పనిగట్టుకొని పోయేదానికి?"

రెవెన్యూ లెక్కల్లో పెద్ద ఊరికి అంటుకొని ఉండే చిన్న పల్లెను మజరా అంటారు. ఓబన్నకొట్టాలు గొందిపురానికి మజరా. ఎప్పుడో ఒక కరువు ఏడు ఓబన్న అనే గొర్రెల కాపరి మంద తోలుకొని గుట్ట అవతలికి పోయి, అక్కడే గుడిసె వేశాడు. వాడి వెనక ఇంకొందరు పోయారు. ఇప్పుడు ముప్పై నాలుగు ఇళ్లు. గొందిపురం వాళ్లకు మాత్రం అది ఇప్పటికీ ఊరి నుంచి పారిపోయిన మందే. అక్కడి వాళ్లు సంతకు వస్తే "కొట్టాలోళ్లు వచ్చినారు" అని మూతి తిప్పేవాళ్లు. అందరికంటే ఎక్కువ తిప్పింది వెంకటప్పే.

ఆ కొట్టాల వాళ్లు కలెక్టరాఫీసులో అర్జీ ఇచ్చారట. కాన్పు నొప్పులొచ్చిన పిల్ల కోసం 108కి ఫోను చేస్తే వాళ్లకు ఊరే దొరకలేదట. చివరికి ట్రాక్టరులో తీసుకుపోయారట. పల్లె ఎక్కడుందో గుర్తులు తీసి పంపమని ప్రవీణ్‌కు పని పడింది.

"ఫోన్లో గొందిపురం ఉండాదన్నా, రెవెన్యూ గ్రామం కాబట్టి. ఓబన్నకొట్టాలని కొడితే ముదిగుబ్బ తట్టు ఇంకేదో కొట్టాలు చూపిస్తాంది. ఈడ చూడు, గుట్ట అవతల అంతా బోడి."

"మీ ఫోన్లో లేంది భూమ్మీద కూడా లేదనుకుంటారు మీరు. ఏం చదువులప్పా!" అని వెంకటప్ప ఈసడించి, తువ్వాలు భుజాన వేసుకొని బండి ఎక్కాడు. ఆ పల్లె మీద ప్రేమ కాదు. ఈ పిల్లగాడు దారి తెలియక తిరిగి తిరిగి వెనక్కు వస్తే తహసీల్దారు తననే అడుగుతాడని.

గుట్టను చుట్టుకొని ఆరు కిలోమీటర్లు. దారి పొడుగునా వెంకటప్ప నోరు ఆగలేదు. ఈ శనగ చేను ఫలానావాడిది, వాడొక దద్దమ్మ. ఆ బోరు ఫలానావాడిది, నీళ్లు పడలేదు, పడవు కూడా. పల్లె చేరాక ఎవరింటికీ పోలేదు, ఎవరినీ పలకరించలేదు. నేరుగా పొలిమేర దగ్గరికి తీసుకుపోయి, రాళ్లు కుప్పపోసిన గట్టు చూపించాడు.

"ఈడికే గొందిపురం అయిపోతాది. పొలిమేర రాయి దీంట్లో పూడిపోయింటాది. ఉండు, తీస్తా."

"వద్దన్నా, కట్టె తెస్తా."

"నాకు కట్టె యాల? పుట్టినప్పటి నుంచి తిరిగే నేల."

రెండు రాళ్లు దొర్లించాడు. మూడో రాయి మీద కాలు పెట్టగానే కుక్కరు విజిల్ వేసినట్టు బుస్సుమన్న చప్పుడు. వెంకటప్ప "అమ్మా!" అని కూలబడ్డాడు. కాలి మడమ పైన రెండు గాట్లు, వాటి నుంచి కారుతున్న నెత్తురు. గొలుసు మచ్చల పాము నింపాదిగా రాళ్లలోకి దూరింది.

"రక్తపింజిరి" అన్నాడు వెంకటప్ప. ఆ ముక్క ఎంత మెల్లగా అన్నాడంటే, ఆ గొంతు ఆయనదేనా అని ప్రవీణ్‌కు అనుమానం వచ్చింది.

ప్రవీణ్ కేకకు దగ్గర్లో గొర్రెలు మేపుతున్న ఓబులమ్మ పరిగెత్తుకొచ్చింది. ఆ ఓబన్నకు మనవరాలు. అర్జీ మీద మొదటి వేలిముద్ర ఆవిడదే. వెంకటప్ప తువ్వాలు తీసి మోకాలి కింద బిగించబోతుంటే చెయ్యి పట్టుకొని లాగేసింది.

"కట్టు కట్టగూడదు! ఆశా వర్కరు చెప్పింది. కొయ్యగూడదు, నడవగూడదు. కదలకుండా పండుకో."

"నాకు చెప్పేదానివా నువ్వు?"

"ఆ, నీకే. ఊరికే పండుకో తలారప్పా, గొంతు చించుకుంటే ఇసం తొందరగా ఎక్కుతాది."

ప్రవీణ్ 108కి ఫోను చేసి, వెంకటప్పకూ వినబడేలా పెట్టాడు. అవతల ఆడపిల్ల మర్యాదగా అడిగింది. జిల్లా చెప్పాడు, మండలం చెప్పాడు. ఊరు?

"ఓబన్నకొట్టాలు."

"లిస్టులో లేదండి."

"గొందిపురం చూడండి మేడం, దాని మజరా."

"గొందిపురం ఉందండి. దాని కింద రెండే ఉన్నాయి. పాతగొందిపురం, చెరువుకింద తండా. ఈ రెంటిలో ఏదండి?"

"రెండూ కాదు. మూడోది."

"మూడోది లేదండి. బండి గొందిపురానికి పంపిస్తున్నాను. పైలట్ మీకు ఫోను చేస్తారు, దారి చెప్పండి."

ప్రవీణ్ ఫోను దించి పళ్లు కొరికాడు. "రెండేనంట! ఎవుడు రాసిచ్చినాడన్నా ఈ లిస్టు? కండ్లు నెత్తికెక్కిన నాకొడుకు ఎవుడో."

వెంకటప్ప ఆకాశం వైపు చూస్తూ పడుకున్నాడు. కాలు అప్పటికే బిగుసుకుపోయి నిగనిగలాడుతోంది. అలాగే చూస్తూ అన్నాడు.

"నేనే."

"ఏందీ?"

"మజరాలు ఎన్నిరా అని ఆఫీసులో అడిగినారు. నేనే చెప్పల్ల కదా, ఇంకెవురికి తెలుసు? రెండు సార్ అన్నా. కొట్టాలను ఊరంటే నవ్వుతారని రాయిచ్చలే. ఆ లిస్టే ఆడా ఈడా తిరిగి..."

ఓబులమ్మ విన్నది. ఏడుస్తుందేమో, తిడుతుందేమో అని ప్రవీణ్ చూశాడు. ఆవిడ కొంగు దులిపి, "తెలుసులే" అంది. "ముప్పై నాలుగిండ్లు కనపల్యా నీకు. కన్ను గాదు నీకు చెడింది." అంతే. ఆ మాట పాము కాటు కంటే లోతుగా దిగింది వెంకటప్పకు.

అంతలో పైలట్, అంటే అంబులెన్సు డ్రైవరు, ఆంజనేయులు ఫోను చేశాడు. ప్రవీణ్ హుషారుగా తామున్న చోటు గుర్తును ఫోన్లో పంపాడు. తన పరికరం మీద వాడికి అంత గురి. పావుగంట తర్వాత ఆంజనేయులు మళ్లీ చేశాడు.

"వచ్చినా అన్నా. ఎనిమిది వందల మీటర్లు అంటాంది. ముందర వంక ఉండాది, దాని అవతల గుట్ట. దోవ యాడ?"

ప్రవీణ్ పటం తెరిచి చూశాడు. పంపిన గుర్తు సరైనదే. కాని పల్లెకు వచ్చే దారి ఫోను పటంలో లేదు కాబట్టి, దానికి తెలిసిన రోడ్లలో దగ్గరదాని మీదికి తీసుకుపోయి నిలబెట్టింది. గుట్టకు అటు పక్కన! పల్లె ఎక్కడుందో తెలిస్తే చాలనుకున్న పిల్లగాడికి, దారి కూడా ఉండాలని అప్పుడు తెలిసొచ్చింది. పాపం, వెంకటప్పకు దాన్ని ఎద్దేవా చేసే ఓపిక కూడా లేదు. చిగుళ్ల నుంచి నెత్తురు వస్తోంది. ఏదో చెప్పబోయి ఉమ్మేశాడు, ఎర్రగా పడింది.

"ఇట్ల తే" అని ఓబులమ్మ ఫోను లాక్కుంది. "ఎవురప్పా నువ్వు? ఆ సెల్లు మూసి జేబులో పెట్టుకో. తల ఎత్తి చూడు, ఫ్యాన్లు కనపడతాండాయా?"

గుట్ట మీద తిరిగే గాలిమరలను ఆ వైపు అందరూ ఫ్యాన్లే అంటారు. ప్రతిదాని మొదట్లో మనిషంత ఎత్తున నంబరు రాసి ఉంటుంది.

"కనపడతాండాయ్ అక్కా."

"ఎనక్కి తిరుక్కో. సబ్‌స్టేషన్ గేటు కాడ ఫ్యాన్లోళ్లు ఏసిన గరుసు దోవ ఉండాది, దాంట్లోకి దిగు. నంబర్లు చూసుకుంటా రా. ముప్పైయేడో ఫ్యాను కాడ ఎడం పక్కకు తిరుగు. ఆడ నేను నిలబడింటా, ఎర్రకోక."

"ముప్పైయేడా? ఆ ఫ్యాను నాకు తెలుసక్కా, మొన్న దాని కింద ఒకాయప్ప పడితే ఎత్తుకపోయినా. ముందే ఆ మాట చెప్పుండరాదా!"

ఓబులమ్మ ప్రవీణ్ వైపు, కింద పడున్న వెంకటప్ప వైపు ఒకే చూపు చూసి, ఫోను విసిరినట్టు ఇచ్చి, కోక ఎగ్గట్టుకొని పరిగెత్తింది. వీళ్లిద్దరికీ ఫ్యాను నంబరు తట్టలేదు. ఒకడికి పటం తప్ప తెలియదు. ఇంకొకడికి తన తాతల నాటి రాళ్లు తప్ప కనబడవు. కంపెనీ వాళ్లు నిన్న గాక మొన్న పాతిన ఇనుప స్తంభానికి విలువేంటని అనుకున్నాడు మహానుభావుడు.

పన్నెండు నిమిషాల్లో బండి వచ్చింది.

ఉరవకొండ ఆసుపత్రిలో ఆయన నెత్తురు గాజు గొట్టంలో పోసి ఇరవై నిమిషాలు చూశారు. గడ్డ కట్టలేదు, విషం నెత్తుట్లో కలిసిందని తేలింది. వెంటనే విషానికి మందు సెలైన్లో కలిపి ఎక్కించారు. సాయంత్రానికి చిగుళ్ల నెత్తురు ఆగింది. ఇంకొంచెం ఆలస్యమై ఉంటే దక్కేవాడు కాదని డాక్టరు ప్రవీణ్‌తో అన్నాడు. మంచం మీది మనిషి వినలేదనుకున్నాడు. విన్నాడు.

నర్సు మల్లీశ్వరి కాగితాలు పట్టుకొని వచ్చింది. పేరు రాసుకుంది, వయసు రాసుకుంది.

"పాము యాడ కరిచింది తాతా?"

"ఓబన్నకొట్టాల్లో."

"అదెక్కడ?"

"గొందిపురం మజరా."

"సరే, గొందిపురం అని రాసుకుంటాలే."

వెంకటప్ప సూది గుచ్చిన చెయ్యి మీద బరువు వేసి లేవబోయాడు. "గొందిపురంలో నన్ను ఏ పామూ కరవలేదు. ఓబన్నకొట్టాలని రాయి."

"అయ్యో తాతా, యాడ కరిచిందంటే నేను అడిగింది ఊరు కాదు. కుడి కాలా, ఎడం కాలా అని అడిగినా."

"కాలు నీ ఎదరే ఉండాది కదమ్మా, గుమ్మడికాయంత. గుడ్డోళ్లకు గూడా కనపడతాది. ఊరే ఎవురికీ కనపడేది లేదు. రాసుకో."