వెంటిలేటర్లో పాతచీర

పురుటికి ధవళేశ్వరం పుట్టింటికి వచ్చాను. చలికాలం. అమ్మ లెక్కలో బాలింతకు గాలిని మించిన శత్రువు లేదు. నా చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, గది కిటికీలన్నీ మూసేసింది. స్నానాల గదిలో పైనున్న చిన్న వెంటిలేటర్లోకి తన పాతచీర ఒకటి కుక్కింది. నేను ఒంటి మీద నీళ్లు పోసుకునేటప్పుడు కూడా బయటి నుంచి అడిగేది.

"గాలి తగులుతోందా అమ్మా?"

తగులుతోందంటే ఇంకో గుడ్డ తెచ్చేది. నన్నేమైనా ఊరగాయ జాడీ అనుకుని వాసెన కడుతున్నావా అని విసుక్కునేదాన్ని. మా అమ్మకు నా విసుగు అలవాటే.

ఆ గదిలోనే గోడకు గ్యాస్ గీజర్ ఉండేది. కుళాయి తిప్పితే టిక్కు టిక్కుమని నిప్పురవ్వలు, ఆపైన గుప్పుమని మంట. బకెట్టు సగం నిండకుండానే అది ఆరిపోయేది. కుళాయి ధార కూడా నీరసంగానే ఉండేది. అమ్మ కట్టేసి మళ్లీ తిప్పేది. మళ్లీ వెలిగేది, మళ్లీ ఆరేది. సున్నిపిండి ఒంటికి ఎండిపోతుంటే నేను వణుకుతూ ఇంట్లో అందరినీ తిట్టేదాన్ని. బాలింత ఒంటిమీద చన్నీళ్లు పడుతున్నాయని అమ్మ బెంగ. చివరకు మిషన్ స్కూల్లో పాఠాలు చెప్పే మా నాన్న బడికి వెళ్తూ రాజమండ్రి నుంచి మెకానిక్‌ను పిలిపించారు.

అతను వచ్చే ముందు అమ్మ స్టూలెక్కి ఆ చీర లాగేసి, మడిచి, మంచం కింద దాచింది. పరాయి మనిషి కంట పాతగుడ్డలు పడకూడదని. మా ఇళ్లలో ఎవరైనా వస్తున్నారంటే ముందు చేసే పని అదే. నేను బిడ్డతో గదిలో ఉండి అంతా చూస్తున్నాను, నవ్వుకున్నాను కూడా.

మెకానిక్ గీజర్ విప్పాడట. నీళ్లు వచ్చే చోట జల్లెడ నిండా ఒండ్రు. లోపల డయాఫ్రం అనే రబ్బరు బిళ్ల చిరిగి ఉంది. నీటి ఒత్తిడికి ఆ బిళ్ల ఉబ్బి ఒక పిన్నును నెడితేనే గ్యాస్ తెరుచుకుంటుందని, ధార తగ్గినా బిళ్ల చిరిగినా పిన్ను వెనక్కొచ్చి మంట ఆరిపోతుందని అమ్మకు చెప్పాడు. జల్లెడ కడిగి, కొత్త బిళ్ల వేశాడు. వెళ్తూ వెళ్తూ ఏం చెప్పాడో అప్పుడు నాకు తెలియదు. అమ్మ మాత్రం అలాగే బాబూ, అలాగే అంటోంది.

మర్నాడు చీర మళ్లీ వెంటిలేటర్లోకి వెళ్లింది. ఇప్పుడు మంట ఆరడం లేదు. అమ్మ మొహం వెలిగిపోయింది. నా తల రుద్ది, కుళాయి అలాగే వదిలి, తలుపు దగ్గరగా వేసి, సాంబ్రాణికి నిప్పులు చూడటానికి వంటింట్లోకి వెళ్లింది. నేను పీట మీద కూర్చుని హాయిగా నీళ్లు పోసుకుంటున్నాను. కాసేపటికి తల దిమ్మెక్కింది. నీలంగా ఉండే మంట పసుపుగా కనిపించింది. లేవబోతే కాళ్లు నావి కావు. అమ్మా అందామంటే గొంతు పెగల్లేదు. బిడ్డ పాలకు ఏడుస్తుందే అన్న భయం ఒక్కటే గుర్తుంది.

చేతిలోంచి జారిన చెంబు చప్పుడుకు అమ్మ పరుగెత్తుకొచ్చిందట. కళ్లు తెరిచేసరికి పెరటి అరుగు మీద, తడి జుట్టుతో, గోదావరి మీంచి వచ్చే చలిగాలిలో పడి ఉన్నాను. అమ్మ నా చెవుల్లోని దూది కూడా పీకేసింది.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. మూసిన గదిలో మంటకు గాలి చాలకపోతే వాసన లేని విషవాయువు పుడుతుందన్నారు డాక్టరుగారు. ఇంటికొచ్చాక నాన్న మెకానిక్‌ను పిలిపించి గుమ్మంలోనే నిలదీశారు. ఏం చేశావయ్యా, నువ్వు ముట్టుకునేదాకా మా పిల్ల బాగానే ఉంది కదా అన్నారు. నాన్న అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అతను స్నానాల గది వైపు చెయ్యి చూపించాడు.

"వెంటిలేటర్ మూయొద్దని అమ్మగారికి చెప్పానండి. గీజర్ బయట పెట్టుకుంటే మంచిదని కూడా చెప్పానండి. నేను చూసినప్పుడు అది తీసే ఉందండి."

నాన్న అమ్మ వైపు చూశారు. కాదంటే చాలు, నాన్న అమ్మ మాటే నమ్మేవారు. అమ్మ స్నానాల గదిలోకి వెళ్లి, ఆ చీర లాక్కొచ్చి, నాన్న కాళ్ల దగ్గర పడేసింది.

"అతను చెప్పాడండి. నేనే కుక్కాను. అతనొచ్చే ముందు తీసి దాచింది కూడా నేనే."

నాన్న లోపలికెళ్లి, అతనికి మంచినీళ్లు తనే తెచ్చి ఇచ్చారు. ఆ రోజే గీజర్ పెరటి వసారా గోడకు మారింది.

తర్వాతి స్నానానికి అమ్మ తలుపు పూర్తిగా వెయ్యలేదు. ఆ సందు మూసుకుపోకుండా తలుపుకు వీపు ఆనించి, చలిగాలికి తనే వణుకుతూ నిలబడింది.

"గాలి తగులుతోందా అమ్మా?"

తగులుతోందన్నాను. ఈసారి అమ్మ ఇంకో గుడ్డ కోసం కదల్లేదు. కాసేపాగి మళ్లీ అదే అడిగింది.