సాచ్చి సంతకం

కుట్టుమిషన్ల కోసం జీవితంలో మొదటిసారి అప్పు అడగడానికి నరసన్నపేట బ్యాంకుకు వెళ్లాను. ఫోనులో చూసుకున్న క్రెడిట్ స్కోరు చూపిస్తే ఆఫీసరమ్మ తల అడ్డంగా ఊపింది. ఐదువందల తొంభై.

"నేను రూపాయి కూడా అప్పు తీసుకోలేదండీ."

"అప్పు సరిత్ర లేకపోతే అంకే రాకూడదమ్మా. వచ్చినాదంటే ఏదో ఉన్నాది. స్కోరు ఎంతో సెప్తాది గానీ ఎందుకో సెప్పదు. రిపోర్టు తియ్యి."

తీశాక ఆవిడ చెప్పినట్టే చూశాను. పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు నావే. నాకు తెలియకుండా నా పేరున ఎవరూ లోను అడగలేదు. కిందనున్న లోన్ల పట్టీలో మాత్రం ఒకటి కనబడింది: పడవ ఇంజను, ఆరు నెలల వాయిదాలు బాకీ. నా పేరు పక్కన 'గ్యారంటర్' అని ఉంది.

అది మా మేనమావ లోను. "సాచ్చి సంతకమేనే, నీకేటి కాదు" అంటే, పెళ్లిపత్రం మీద పెట్టినట్టు పెట్టేశాను. సాక్షికీ జామీనుదారుకీ తేడా అడగని నా తెలివి తగలెయ్య!

"తప్పుంటే ఫిర్యాదు పెడితే సరిసేస్తారు," అంది ఆఫీసరమ్మ. తప్పు లేదు. అదే నా ఖర్మ.

బయటికొచ్చి మావకు ఫోన్ చేశాను. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నాడు:

"మంచిదానివే, నువ్వే ఫోను సేసినావు. ఇంజను మల్లీ పోయినాది. ఇంకో సాచ్చి సంతకం కావాలే."