గాజు వెనక తెలుపు

మ్యూజియంలో అందరూ ఆమెను పెచ్చులమ్మ అనేవారు. ఎదురుగా అనేవారు కాదు గానీ ఆమెకు తెలుసు. గాజు పటాల నుంచి రాలిన రంగు పెచ్చు గోరులో పట్టేంతే ఉన్నా పారేయదు. చిన్న కాగితపు కవరులో వేసి, ఏ పటంలో ఏ మూల రాలిందో పైన రాసి దాస్తుంది. ఆ అలవాటు వల్ల వచ్చిన పేరది.

కెమిస్ట్రీ చదివి, రంగుల ఫ్యాక్టరీలో పదేళ్లు డబ్బాల నాణ్యత పరీక్షించింది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక మ్యూజియం మరమ్మతు గదిలో చేరింది. ఇక్కడ ఇరవై రెండేళ్లు. పటానికి వయసెంతని అడిగితే ఒక్కసారి కూడా తడుముకోని మనిషి. అలాంటామెను ఒక టైలర్ తెచ్చిన పటం నెల రోజులు తికమక పెట్టింది.

ఆకుపచ్చ బట్టలు కట్టుకుని కూర్చున్న స్త్రీ, చేతి మీద పిట్ట, వెనక నీలాకాశం. బొమ్మంతా గాజుకు వెనక వైపు వేసి ఉంది. ఈ పనిలో అంతా తలకిందులే. కళ్లలో మెరుపు, నగల మీది చుక్కలు ముందు వేస్తారు. వాటి మీద ముఖం రంగు, ఆ తర్వాత బట్టలు, చిట్టచివర ఆకాశం. గాజును అంటుకున్నది మొదటి రంగు, వెనక నుంచి కనిపించేది ఆఖరిది.

"మా నాయనమ్మకి తొంభై ఒకటండి. ఆవిడ పుట్టేసరికే ఇది పాత పటమట. ప్రదర్శనలో పెడతారా?" అని అడిగాడు టైలర్.

ఆమె పటాన్ని రంగు పైకి వచ్చేలా మెత్త మీద బోర్లించి, చెక్క పలక తీసింది. రంగులో ఏ లోహం ఉందో చెప్పే చేతి యంత్రాన్ని ముఖం వెనక ఆనించింది. టైటానియం చూపించింది. ఆ తెలుపు బజారులోకి వచ్చింది 1920 ప్రాంతంలో. ఇక చూసేదేముందని, పటం వందేళ్ల లోపుదేనని నివేదిక రాసి టైలర్‌కిచ్చి, పటాన్ని మరమ్మతుకు ఉంచుకుంది. బట్టల ఆకుపచ్చ దగ్గర మాత్రం యంత్రం రాగి, ఆర్సెనిక్ చూపించింది. ఆ విషపు పచ్చను అప్పటికే దాదాపు అందరూ మానేశారు. ఎవరి దగ్గరో పాత సరుకు మిగిలి ఉంటుందిలే అని సర్దిచెప్పుకుంది.

రెండు వారాలకు టైలర్ మళ్లీ వచ్చాడు. ముఖంలో కళ లేదు.

"మీ కాగితం నాయనమ్మకి చదివి వినిపించానండి. అయితే నేను అబద్ధాలకోరునన్నమాట అంది. అప్పట్నుంచి పటం ఊసెత్తితే గోడవైపు తిరిగి పడుకుంటోంది."

ఆమె తన నివేదిక నకలు బయటికి తీసింది. ఇన్నేళ్లలో ఎన్నో పటాలకు వయసు తగ్గించి రాసింది గానీ, ఆ రాతతో ఎవరో గోడవైపు తిరుగుతారని ఎన్నడూ అనుకోలేదు. ఆకుపచ్చ సంగతి అప్పుడు మళ్లీ గుర్తొచ్చింది.

చట్రం ఏమైనా చెబుతుందేమోనని పక్క గదిలోని వడ్రంగి మేస్త్రీని పిలిచింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. మూలల్లో ఖాళీగా ఉన్న మేకు రంధ్రాలను వేలితో తడిమాడు.

"ఈ చట్రం ఈ బొమ్మకి పుట్టింది కాదమ్మా. రెండు వైపులా కోసి కురచ చేశారు. గాజు కూర్చునే గాడి చూడు, లోపల నల్లరంగు పూశారు. అద్దాల చట్రాలకి అలా పూస్తారు, పచ్చి చెక్క అద్దంలో కనపడకుండా."

"మరి ఎప్పటిదంటావు మేస్త్రీ?"

"మిషన్ మీద తీసిన చెక్క, ఫ్యాక్టరీలో తీగతో చేసిన మేకులు, మరీ పాతదేం కాదు. నీ బొమ్మకంటే పాతదో కొత్తదో నాకేం తెలుసు? నీ బొమ్మ వయసు నువ్వు చెబితే కదా."

తెలుపు ఒక మాట, పచ్చ ఇంకో మాట, చట్రం అసలు తనకు సంబంధం లేదనే మాట. ఆ రోజంతా రాసింది కొట్టేయడం, కొట్టేసింది మళ్లీ రాయడం.

మర్నాడు కవర్లు తీసింది. పలక విప్పినప్పుడు గాడి అడుగున దొరికిన పెచ్చుల్లో ముఖం రంగువి మూడున్నాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే మూడింటికీ ఒక పక్క అద్దంలా నున్నగా ఉంది. అంటే గాజును అంటుకుని ఉండి రాలినవి, మొదట వేసిన రంగు. యంత్రం కింద పెట్టింది. సీసం ఉంది, టైటానియం రాకముందు వాడిన పాత తెలుపు. టైటానియం జాడ లేదు.

ఆమె పటం దగ్గరికి పరిగెత్తినంత పని చేసింది. దీపాన్ని బాగా వాల్చి, వెలుగు పక్కనుంచి పడేలా చూసింది. బుగ్గ దగ్గర ఒక తెల్లని పూత, పాత రంగు విరిగిన అంచుల మీదికి ఎక్కి ఉంది. మధ్యలో మాత్రం నేరుగా గాజునే అంటుకుంది. పెచ్చు ఊడిన చోట తర్వాతెవరో నింపారు. యంత్రం టైటానియం ఉందని చెప్పింది, నిజమే. అది ఏ పొరలో ఉందో చెప్పడం దాని వల్ల కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసి కూడా పొరపడింది.

ఆ సాయంత్రమే టైలర్ ఇంటికి వెళ్లింది. కుట్టు మిషన్ల గది దాటి లోపలికి వెళితే, మంచం మీద ముసలావిడ గోడవైపే తిరిగి ఉంది.

"మామ్మగారూ, నేను రాసింది తప్పు. బొమ్మ మీరన్నట్టు పాతదే. బుగ్గ మీద తెలుపు ఒక్కటే కొత్తది. తర్వాతెవరో వేశారు."

ముసలావిడ మెల్లగా ఇటు తిరిగింది. "ఎవరో ఏమిటి, నేనే వేశా. కిటికీలకి రంగేసినప్పుడు డబ్బా అడుగున కాస్త మిగిలింది. అగ్గిపుల్లకి దూది చుట్టి అద్దాను. అప్పటికి నాకు పద్నాలుగు."

టైలర్ తెల్లబోయాడు. "ఇన్నేళ్లూ చెప్పనే లేదేం నాయనమ్మా?"

"ఎవరడిగారురా? ఎప్పటిదని అడిగారు, పాతదని చెప్పాను."

పెచ్చులమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "చట్రం ఎక్కడిదండీ?" అంది.

"మా అత్తది. అద్దం పగిలితే చట్రం ఊరికే పోతుందని కోయించి దీనికి పెట్టాం."

ఇక అన్నీ కుదిరాయనుకుని లేవబోతుంటే ముసలావిడ చెయ్యి పట్టుకుంది. "ఆకాశానికి నీలం ఎవరు వేశారమ్మాయ్? నా చిన్నప్పుడు అది ఎర్రగా ఉండేది."

ఆమె మళ్లీ కూర్చుండిపోయింది.

మూడు రోజులు ఆ ఎరుపు కోసం వెతికింది. పిట్ట అంచులు, జుట్టు అంచులు, గాడిలోని దుమ్ము అన్నీ చూసింది. నీలం పెచ్చుల కింద ఎరుపు లేదు. పిట్ట ముక్కు పక్కన ఆవగింజంత ఎర్రచుక్క దొరికింది గానీ, అది ముక్కుదో ఆకాశానిదో తేలలేదు. ముసలావిడ ఇంకేదైనా పటం తలుచుకుని చెబుతోందా? లేక పాత ఆకాశమంతా రాలిపోతే ఎవరైనా గీకి తుడిచి నీలం వేశారా? కిందటి నెలలో అయితే నీలమే మొదటిదని తేల్చి రాసేసేది. ఇప్పుడు ఆ కలం కదలలేదు.

ఊడటానికి సిద్ధంగా ఉన్న పెచ్చులకు వెనక నుంచి సన్నటి కుంచెతో జిగురు పట్టించింది. ఖాళీల్లో రంగు వేయలేదు. వెనక రంగు కాగితం పెట్టింది, రేపు ఎవరైనా తీసేయాలనుకుంటే తీసేసేలా. మామ్మ వేసిన బుగ్గను అలాగే ఉంచింది.

"ఒక్క ముక్కలో చెప్పండి, ఏ కాలం?" అని డైరెక్టర్ అడిగాడు.

"ఒక్క ముక్కలో రాదండీ," అంది. పటం పక్కన పెట్టే చీటీ మీద ఇలా రాసింది: బొమ్మ బహుశా పంతొమ్మిదో శతాబ్దం రెండో సగం. బుగ్గ, ఇంటివారి అమ్మాయి చేతి పని. చట్రం, ఒక అద్దానిది. ఆకాశం ఎప్పటిదో తెలియదు.

ప్రదర్శనకు టైలర్ వాళ్ల నాయనమ్మను చక్రాల కుర్చీలో తీసుకొచ్చాడు. ఆవిడ పటం ముందు చాలాసేపు కూర్చుని, మనవడి చేత చీటీ రెండుసార్లు చదివించుకుంది.

"బాగుంది," అంది. తర్వాత ఆకాశం వైపు కళ్లు చికిలించి చూసి, "ఎర్రగానే ఉండేది, నాకు బాగా గుర్తు," అని టైలర్‌తో గొణిగింది.

పెచ్చులమ్మ పక్కనే నిలబడి ఆ మాట విన్నది. గాజుకు దగ్గరగా వంగి, పిట్ట ముక్కు పక్కన ఆ చుక్కను మరోసారి చూసింది.