నానెవరో సెప్పుకో సూద్దాం

వజ్రపుకొత్తూరు దగ్గర పల్లెలో కన్నమ్మ ఇంటి ఫోను వీధి మొత్తానిది. మగవాళ్లు ఎనిమిది నెలలు గుజరాత్ చేపల బోట్ల మీద ఉంటారు. ఎస్టీడీ బూతు నుంచి చేస్తారు. ఏ రోజు ఏ బూతో వాళ్లకే తెలియదు కాబట్టి ఇక్కడ మోగే ప్రతి నంబరూ కొత్తదే. అవతల మీటరు తిరుగుతుంది. అందుకే కన్నమ్మ ఫోనెత్తి, గొంతు ఆనవాలు పట్టగానే గడగడా చెప్పేసేది.

"నాను కన్నమ్మని. మీయావిడ బావికాడుంది, మీయమ్మ పలాసెళ్లింది, పిల్లలు బాగున్నారు. పిలవమంటావేటి?"

వీధిలో ఆమెకు మంచి పేరు తెచ్చింది ఈ తొందరే.

2003 నవంబరులో ఆమె తమ్ముడి కూతురు చందన, టెక్కలి నుంచి ఎడమ చెయ్యి వాచిపోయి వచ్చింది. భర్త మోహన్ కొట్టాడు. తల్లిదండ్రులు లేరు. పలాసలో జీడిపప్పు దుకాణం నడిపే అన్న దిలీప్‌కి మాత్రం ఇక్కడున్నానని చెప్పింది. మహిళా సంఘంలో పనిచేసే విజయకుమారి సోమవారం శ్రీకాకుళం తీసుకెళ్లి ఫిర్యాదు పెట్టిస్తానంది. అప్పటిదాకా చందన ఎక్కడుందో మోహన్‌కు తెలియకూడదు. తెలిస్తే సోమవారం ఆమె శ్రీకాకుళం వెళ్లదు, టెక్కలి వెళుతుంది.

శనివారం పదకొండు గంటలకు ఫోను మోగింది. ఆడగొంతు.

"అత్తా, నానెవరో సెప్పుకో సూద్దాం!"

"జలంత్రకోట నాగమణివా? గొంతు మారిపోనాదేటే?"

"జలుబత్తా. సందన తిందా?"

"తింది. పెరట్లో గిన్నెలు తోముతంది. పిలవనా?"

లైను పోయింది. తడి చేతులతో లోపలికి వచ్చిన చందన అడిగింది. "ఎవులత్తా?"

"మీ పిన్నమ్మ కూతురు, నాగమణి."

"నానిక్కడున్నట్టు నాగమణికి తెలీదు కదా?"

కన్నమ్మ అప్పటికీ రిసీవరు పెట్టలేదు. ఆ మనిషి పేరేదీ చెప్పలేదు. పేరు అందించింది తనే.

కబురందుకుని విజయకుమారి గంటన్నరలో వచ్చి చందనను హరిశ్చంద్రపురంలో తన ఇంటికి తీసుకుపోయింది. వెళ్లేముందు గుమ్మంలో నిలబడి చెప్పింది.

"ఫోనెత్తగానే 'హలో, ఎవరు కావాలండీ' అను. అంతే. నీ పేరొద్దు, ఇంట్లో ఎవులున్నారో, ఎవులు లేరో సెప్పొద్దు. మీరెవరని మర్యాదగా అడుగు. పేరు వాళ్ల నోటినుంచే రావాల. తెలిసినోళ్లమంటే పెట్టేసి, నీ పుస్తకంలో ఉన్న నంబరుకి నువ్వే సెయ్యి. వాళ్లిచ్చిన నంబరుకి కాదు."

"బూతులో ఉన్నోళ్లకి డబ్బులు కాలిపోవా?"

"రెండు ముక్కలడిగితే కాలిపోవులే వదినా. నువ్వు ఊరి కబుర్లన్నీ సెప్తేనే కాల్తాయి."

నాలుగింటికి మోహన్ ఇద్దరితో ఆటోలో దిగాడు. పెరడు, వంటిల్లు, వలలు దాచే పాక చూశాడు. చందన తోమిన గిన్నెలు ఇంకా బోర్లించే ఉన్నాయి. వాటిని చూసి ఆటో ఎక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున మళ్లీ మోగింది. కన్నమ్మ చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని ఎత్తింది.

"హలో, ఎవరు కావాలండీ?"

"అత్తా, నానే."

"మీరెవరండీ?"

"అదేటత్తా, నా గొంతు కూడా మర్సిపోనావా? దిలీప్‌ని. సెల్లి ఎక్కడుంది? మందులు పంపుదామని."

గొంతు దిలీప్‌దే. నిన్న కూడా నాగమణే అనుకుంది.

"పెట్టెయ్యి నాయనా. నీ కొట్టు నంబరు నాకాడుంది, నానే సేత్తాను."

"ఎందుకత్తా, ఇప్పుడే..."

ఆమె పెట్టేసింది. గోడకు వేలాడే పుస్తకం తీసి పలాస నంబరు ఒక్కొక్క అంకే నొక్కింది. దిలీప్ ఎత్తాడు. ఆమె నోరు తెరిచేలోపే అతని వెనక నుంచి ఇంకో గొంతు వినిపించింది.

"ఏటంతంది బావా? ఎక్కడ దాసిందో సెప్పిందా ముసల్ది?"

చందన పెళ్లినాడు ఈ గొంతే ఇంకో గారె అడిగితే తను రెండు వేసింది. పొరపాటు పడే అవకాశం లేదు.

"అత్తా," అన్నాడు దిలీప్, తగ్గిన గొంతుతో. "ఆడపిల్ల కాపురం పాడైపోకూడదని..."

"తప్పు నంబరండీ," అంది కన్నమ్మ.

రిసీవరు పెట్టేసింది. నిన్నటి నుంచి ఆ దొంగ గొంతు ఎవరిదా అని తల బద్దలు కొట్టుకుంది. ఎవరిదైతే ఏం? ఈ ఇంటి సంగతి దానికి చేరవేసింది తన మేనల్లుడే. ఎత్తుకుని పెంచిన పిల్లాడు.

తర్వాత హరిశ్చంద్రపురం నంబరు చేసింది.

"హలో, ఎవరు కావాలండీ?" చందన గొంతు. నేర్చుకున్న గొంతు.

"మీ అత్తనే, సందనా."

"పెట్టెయ్యత్తా, నానే సేత్తాను."

లైను పోయింది. క్షణం తర్వాత కన్నమ్మ ఫోను మోగింది.

"ఇప్పుడు సెప్పత్తా."

"రేపు శ్రీకాకుళం ఎళ్లిపో. ఎక్కడున్నావో దిలీప్‌కి సెప్పకు."

"అన్నయ్యకా? అన్నయ్యకెందుకు సెప్పకూడదు?"

కన్నమ్మ చెప్పింది. అవతల నుంచి ఏడుపు వినిపించింది. ఈసారి ఆమె తొందరపడలేదు. రిసీవరు పట్టుకుని, చందన ఏడుపు ఆగేదాకా అలాగే కూర్చుంది.