ఆరో షరతు

పాపాయికి ఎదుటివాళ్ల తప్పు కంటబడితే నోరు ఊరుకోదు. పెళ్లికి పిలవడానికి వచ్చినవాళ్ల చేతిలోంచి శుభలేఖ అందుకుని, బొట్టయినా పెట్టించుకోకుండా, "ఇదేంటండీ, ముహూర్తం బుధవారం అని వేశారు? ఆ తారీఖు గురువారం కదా!" అనేది.

"కార్డులు పంచడం అయిపోవచ్చిందండీ" అని ఆ వచ్చినావిడ గొణిగితే, "అయితే సగం మంది బుధవారమే దిగుతారు. వంట రెండు రోజులు చెప్పుకోండి" అనేది. చుట్టాలు ఆమెను పిలవడానికి భయపడేవాళ్లు, పిలవకుండా ఉండడానికి ఇంకా భయపడేవాళ్లు.

రాజమండ్రిలో ఒక అచ్చాఫీసులో ఇరవై ఏళ్లకు పైగా ప్రూఫులు దిద్దిన మనిషి మరి. పంచాంగాలు, కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు, అన్నీ ఆమె కళ్లకిందనుంచి వెళ్లినవే. తర్వాత జనం శుభలేఖలు కూడా ఫోన్లలో పంపుకోవడం మొదలెట్టారు. అచ్చాఫీసు మూతపడింది. అక్కడ ఆషాఢం సేలు కరపత్రాలు వేయించుకునే చంద్రరావు గారే ఆమెను పిలిచి తన బట్టల షాపు ఆఫీసులో కూర్చోబెట్టుకున్నారు. ఆయనకు నాలుగు ఊళ్లలో షాపులు. కాగితాలకు లెక్కలేదు.

"మావాళ్లు పాత ఉత్తరం మీదే కొత్తది కొట్టేస్తారండి, పాపాయి గారూ. పేరు ఒకరిది, జీతం ఇంకొకరిది పడుతోంది. మీ కంటితో ఒకసారి చూసి పడేయండి" అన్నారాయన.

పడేయడం పాపాయికి చేతకాదు. కొత్తగా తీసుకున్నవాళ్ల ఆఫర్ లెటరు వస్తే ముందు ఆ మనిషి ఆధార్ కాపీ పక్కన పెట్టి పేరు ఒక్కో అక్షరం పోల్చేది. తర్వాత ఇంటర్వ్యూ నాడు షావుకారు చంద్రరావు గారు రాసిచ్చిన చీటీ తీసి జీతం చూసేది. క్యాలెండరు దించి తారీఖులు చూసేది. ఆఖరున షరతులు పైకి చదువుకునేది. ఇంగ్లీషు ఆమెకు నడిచి వెళ్లినట్టు వస్తుంది, పరిగెత్తినట్టు రాదు. అందుకే ఏ మాటనూ దాటిపోయేది కాదు.

కిందటి జూన్‌లో హర్షిత ఉత్తరం ఆమె బల్ల మీదికి వచ్చింది. హర్షితది పెద్దాపురం. బీకాం చదివి, ఒక నర్సింగ్ హోములో బిల్లులు వేస్తూ, బ్యాంకు పరీక్షలు రాసుకుంటోంది. అకౌంట్స్‌లో తీసుకున్నారు. ఉత్తరం పట్టుకుని వెళ్లి అక్కడ రాజీనామా ఇవ్వాలని ఆ రోజు ఆఫీసు బయట బెంచీ మీదే కూర్చుంది.

పాపాయి చదవడం మొదలుపెట్టి పెన్సిలు తీసింది. మీద సంవత్సరమే కిందటిది. ఉద్యోగంలో చేరాల్సింది మొదట జులై ఒకటి. ఆషాఢం వచ్చాక కొత్త మనిషి కొత్త పని మొదలెట్టకూడదని షావుకారి పట్టు. ఆషాఢం సేలుకు మాత్రం మనిషి కావాలి. అందుకని చేరే తేదీని జూన్ ఇరవై మూడుకి లాగారు. లాగినవాళ్లు ఆ ఒక్కచోటే లాగారు. "ఒప్పుకుంటున్నట్టు జూన్ ముప్పైలోగా సంతకం పంపాలి" అన్నది అలాగే ఉంది. ప్రొబేషన్ జులై ఒకటి నుంచే ఉంది. అంటే పిల్ల ముందు వచ్చి చేరిపోయి, వారం పనిచేసి, అప్పుడు ఒప్పుకోవాలన్నమాట!

జీతం దగ్గర ఇంకా వింత. షావుకారి చేత్తో ఏదీ సున్నాతో ఆగదు, చివర నూట పదహారు ఉండాల్సిందే. అంకెల్లో 18,116 అని ఉంది. మాటల్లో 'పదహారు వేల నూట పదహారు రూపాయలు మాత్రమే' అని ముందు చేరినవాడి జీతం ఉండిపోయింది. ఏడాది మొత్తం చూస్తే 2,16,000, అందులో నూట పదహార్లే లేవు. ఒక్క పిల్లకు మూడు జీతాలు.

పాపాయి బయటికి వచ్చి, "అమ్మాయ్, నీకెంత చెప్పారు?" అంది.

"పద్దెనిమిది వేల నూట పదహారండి."

"మాటల్లో పదహారు వేలు అని కొట్టారు. అంకెకీ మాటకీ తేడా వస్తే మాటే పట్టుకుంటారు, తెలుసా? ఇలాగే సంతకం పెట్టేదానివి."

హర్షిత లేచి నిలబడింది. "అయ్య బాబోయ్. మీరు చూడకపోతే పోయేదాన్నండి, ఆంటీ."

ఆ మాట పాపాయికి బెల్లం పానకం తాగినట్టుంది. ఆ తీపితోనే లోపలికి వెళ్లి షరతులు చదివింది. ఆరోదాన్ని చదివి, పదకొండోదాన్ని చదివి, మళ్లీ ఆరోదాని దగ్గరికి వచ్చింది.

ఆరులో ఉన్నది ఇది: ఉద్యోగి ఒక నెల నోటీసు ఇచ్చి గానీ, నెల జీతం కట్టి గానీ ఎప్పుడైనా మానుకోవచ్చు, ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంటనే తిరిగి ఇస్తారు. పదకొండులో: రెండేళ్లలోపు మానకూడదు, మానితే మూడు నెలల జీతం కట్టాలి, అంతవరకూ సర్టిఫికెట్లు కంపెనీ దగ్గరే ఉంటాయి. ఆరోది ఎవరి కంపెనీ ఉత్తరంలోంచో మొదట్లో దించుకున్నది. పదకొండోది షావుకారి కొడుకు ఉదయ్‌భాస్కర్ తర్వాత చేర్చాడు. రెండూ ఏళ్ల తరబడి ఒకే కాగితం మీద కాపురం చేస్తున్నాయి, ఒకదాని మొహం ఒకటి చూసుకోకుండా.

పాపాయి ఉత్తరం పట్టుకుని షావుకారి గదిలోకి వెళ్లింది. కొడుకూ అక్కడే ఉన్నాడు.

"రెండూ ఎలా కుదుర్తాయండి? ఒకటి వెళ్లొచ్చంటోంది, ఒకటి కదలొద్దంటోంది. ఏది ఉంచమంటారు?"

చంద్రరావు గారు కళ్లజోడు సవరించుకున్నారు. "రెండూ ఉన్నాయా? ఎప్పట్నించి?"

"పదకొండు పెట్టిన దగ్గర్నించీ ఉన్నట్టున్నాయండి."

తండ్రీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఉదయ్‌భాస్కర్ నవ్వాడు. "ఆరు తీసేయండి మేడమ్."

"తీసేస్తే కింద నంబర్లన్నీ మారతాయండి" అంది పాపాయి. పని అంటే పనే.

"అయితే అక్కడ యూనిఫారం గురించి వేయండి. ఆడవాళ్లు కంపెనీ చీర కట్టుకుని రావాలని ఎక్కడా లేదు."

అలా వెళ్లిపోయే దారి ఉన్నచోట చీర వచ్చి కూర్చుంది. ఎవరినైనా ఎప్పుడైనా ఉద్యోగంలోంచి పంపించే హక్కు కంపెనీకి ఉందన్న తొమ్మిదో షరతు జోలికి ఎవరూ పోలేదు. దానికి ఎదురు చెప్పే మాట ఉత్తరం మొత్తంలో ఇంకెక్కడా లేదు మరి.

శుభ్రమైన కాపీ మీద పాపాయి మూలన పొట్టి సంతకం చేసింది. హర్షిత దాన్ని చదవకుండానే పెద్ద సంతకం చేసింది. జీతం సరిగ్గా పడిందో లేదో మాత్రం చూసుకుంది. "మా ఊళ్లో మరిడమ్మ జాతర మొదలు నాటికి ఇంట్లో ఉండనన్నమాట" అని నవ్వి, సర్టిఫికెట్ల కవరు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

సంక్రాంతి అమ్మకాలు అయిపోయాక పట్టుచీరల సెక్షన్‌లో బుజ్జిబాబు మానేశాడు. జంగారెడ్డిగూడెంలో బావమరిదితో కొట్టు పెట్టుకుంటానన్నాడు. వాడు చేరి ఏడాదిన్నరే. ఉదయ్‌భాస్కర్ పదకొండు చూపించాడు. వాడు తన పాత ఉత్తరం తీసి ఆరు చూపించాడు.

"ఇదీ మీరే రాశారు, అదీ మీరే రాశారు. నాకు నచ్చింది నేను పట్టుకుంటానండి" అన్నాడు.

షావుకారు కాసేపు అరిచి, నెల జీతం పట్టుకుని, సర్టిఫికెట్లు విసిరేసినట్టు ఇచ్చారు. వాడు ఆఫీసులో అందరికీ కాజాలు పంచి వెళ్లాడు. పాపాయి కూడా తింది. వాడిని బయటపడేసింది ఆ పాత కాగితంలోని తప్పేనని ఆవేళ ఆమెకు తట్టలేదు.

ఏప్రిల్‌లో హర్షితకు బ్యాంకు ఉద్యోగం వచ్చింది. శుక్రవారం నాడు ఒరిజినల్ సర్టిఫికెట్లు పట్టుకుని వెరిఫికేషన్‌కి రమ్మన్నారు. సోమవారం పొద్దున్నే తండ్రిని వెంటబెట్టుకుని షావుకారి గదికి వచ్చింది. తండ్రి చేతిలో మామిడిపళ్ల బుట్ట ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చివరిదాకా చేత్తోనే పట్టుకున్నాడు.

"నెల జీతం కడతామండి. బుజ్జిబాబు అన్నయ్య దగ్గర అంతే తీసుకున్నారు కదా" అంది హర్షిత.

"బుజ్జిబాబు ఉత్తరం వేరమ్మా" అన్నాడు ఉదయ్‌భాస్కర్. పాపాయిని లోపలికి పిలిచాడు. "మేడమ్, ఈ అమ్మాయి లెటరు ఒకసారి తీయండి."

పాపాయి ఫైలు తెచ్చింది. అతను పేజీ తిప్పి, హర్షిత వైపు తోశాడు. "చదువుకో. ఎక్కడైనా సందు ఉందేమో నువ్వే చెప్పు. మా పాపాయి గారు చూసిన కాగితం ఇది. ఒక్క తప్పు ఉండదు."

ఇరవై ఏళ్ల అచ్చాఫీసు పనిలో ఇంత మెప్పు ఆమెకు ఎవరూ ఇవ్వలేదు. ఇప్పుడు నలుగురి ఎదుట ఇస్తే తల ఎత్తలేకపోయింది.

హర్షిత ఆరోది పైకి చదివింది. కంపెనీ చీర, కంపెనీ బ్యాడ్జీ. "బుజ్జిబాబు అన్నయ్యకు ఆరులో ఇది కాదు కదండీ. నాకు మారిందేంటి?"

అబద్ధం చెప్పడం పాపాయికి రాదు.

"అప్పుడది తప్పమ్మా. రెండూ ఒకదానికొకటి పొసగలేదు. ఏది ఉంచాలని నేనే అడిగాను."

"అడిగారా?" అంది హర్షిత. "ఎవర్ని అడిగారు ఆంటీ? వీళ్లనా? నేను బయట బెంచీ మీదే ఉన్నాను కదా. జీతం గురించి నన్ను అడిగారుగా. ఇదీ అడగాల్సింది."

తండ్రి "ఊరుకోవే" అన్నాడు. చంద్రరావు గారు క్యాలెండరు వైపు చూస్తూ, "కోర్టుకు వెళ్తే వెళ్లమ్మా, వద్దని అనం. సర్టిఫికెట్లు పట్టుకోకూడదని వాళ్లు చెప్పినా చెప్తారు. శుక్రవారం లోపల చెప్తారా?" అన్నారు.

బుధవారం ఆ తండ్రి మళ్లీ వచ్చి మూడు నెలల జీతం కట్టాడు. యాభై నాలుగు వేల మూడు వందల నలభై ఎనిమిది. మూడు నూట పదహార్లతో సహా. మాటల్లో పదహారు వేలు అలాగే ఉండి ఉంటే కట్టేది కూడా తగ్గేదని పాపాయి లెక్కవేసింది. లెక్కవేయకుండా ఉండలేకపోయింది. హర్షిత కవరు తీసుకుని, లోపలి కాగితాలు ఒక్కొక్కటే చూసుకుంది. పాపాయి పద్ధతిలోనే, పేరు, తారీఖు, నంబరు. తర్వాత ఆమె బల్ల ముందు నుంచే నడిచి వెళ్లింది. చూడలేదేమో అనుకోవడానికి వీల్లేనంత దగ్గరగా వెళ్లింది.

మళ్లీ ఆషాఢం సేలు వస్తోంది. కొత్తవాళ్లను తీసుకున్నారు. బల్ల మీద తొమ్మిది ఉత్తరాలు. పైది హేమశ్రీ అని తణుకు అమ్మాయిది. బీఈడీ చదివింది, డీఎస్సీ కోసం చూస్తోంది.

పాపాయి పెన్సిలు తీసి, తలుపు వైపు ఒకసారి చూసి, చదవడం మొదలుపెట్టింది. ఈసారి దిద్దడానికి కాదు. ఎక్కడో ఒకచోట ఎవరో పాత ముక్క అతికించి ఉంటారు. ఒకదానికొకటి పొసగని రెండు మాటలు మిగిలి ఉంటాయి. అవి కనిపిస్తే చూడనట్టు దాటిపోదామని, పుట్టాక మొదటిసారి, నిర్ణయించుకుంది.

చేరే తేదీ, ఒప్పుకునే తేదీకి తర్వాతే ఉంది. ప్రొబేషన్ చేరిన రోజు నుంచే ఉంది. అంకెలూ మాటలూ ఒక్కటే. నెల జీతాన్ని పన్నెండుతో గుణిస్తే ఏడాదిది సరిపోయింది. ఆరులో చీర. పదకొండులో రెండేళ్లు. ఆమె కిందటేడు శుభ్రం చేసి ఇచ్చిన కాపీనే దాచుకుని, దాని మీదే కొడుతున్నారు. మళ్లీ మొదటినుంచి చదివింది. మళ్లీ చదివింది. ఒక్క తప్పు దొరకలేదు.

"అయిందా మేడమ్? ఆ అమ్మాయి బయట కూర్చుంది" అన్నాడు ఉదయ్‌భాస్కర్ గదిలోంచి.

"అయిందండి" అంది పాపాయి. అప్పుడు లేచి, ఉత్తరం పట్టుకుని, గదివైపు కాకుండా బెంచీ వైపు వెళ్లింది.

"అమ్మాయ్" అంది. "జీతం సరిగ్గానే ఉంది. పదకొండోది చదివి సంతకం పెట్టు."

హేమశ్రీ నవ్వింది. "మీరు చూశారు కదండీ. ఇంకేం చూడాలి?" అని, చేయి చాచి పెన్ను అడిగింది.