పుల్లకు తడి అంటితే నీళ్ళొద్దు

పక్క క్వార్టర్ అక్క ఆపరేషన్‌కని వెల్లూరు వెళ్తూ ఎనిమిది కుండీలు తెచ్చి మా బాల్కనీలో పెట్టింది. నేనేమో మొక్కన్నది పెంచి ఎరగను. గోపాలపట్నంలో మూడో అంతస్తులో పెరిగినదాన్ని, నాకేం తెలుస్తుంది?

"ఏటీ భయం లేదమ్మా, రోజుకో పని," అని వారమంతటికీ చెప్పింది. పుదీనాకి రోజూ పొద్దున్నే నీళ్ళు, లేత ఎండ చాలు. గులాబీ, మందారం, కరివేపాకు మిట్ట ఎండలో ఉండాలి, పైమట్టి వేలికి పొడిగా తగిలితేనే నిండా పొయ్యాలి. మనీప్లాంట్ గ్రిల్ నీడన, వారానికి రెండుసార్లు నీళ్ళు. స్నేక్ ప్లాంట్ వెలుతురొచ్చే గదిలో, ఆదివారం తప్పించి ఆదివారం. ఎరువు కూడా ఆదివారమే: ఒక వారం గులాబీకీ మందారానికీ గుప్పెడు వర్మీకంపోస్టు, పై వారం కరివేపాకుకీ పుదీనాకీ. కలబందకి ఎరువూ వద్దు, గారాబమూ వద్దు, ఎండలో వదిలెయ్యి, ఆదివారం చూసి పొయ్యి.

ఎనిమిదోది ఎడారి గులాబీ. అడుగున బొద్దుగా ఉబ్బిన మొదలు, పైన రెండు కొమ్మలు. అక్క భర్త స్టీల్‌ప్లాంట్‌లో చేస్తున్న రోజుల్లో నాటింది. ఆయన పోయాడు. ఆయన చేత్తో పెట్టినవాటిలో ఇదొక్కటే మిగిలింది.

"మిగతా ఏడూ ఎండిపోయినా ఏమీ అనను. దీన్ని మాత్రం చూసుకో తల్లీ. మంచి ఎండలో ఉంచు. ఆదివారం పుల్ల అడుగుదాకా గుచ్చి చూడు. తడి అంటితే నీళ్ళొద్దు," అంది.  

చెప్పింది చెప్పినట్టే చేశాను. అయినా రెండో వారానికే దాని ఆకులు పసుపుపచ్చగా అయి రాలడం మొదలెట్టాయి. పుల్ల గుచ్చితే తడి. నేను చుక్క పొయ్యలేదే! వానా లేదు. ఇంకాస్త ఎండలోకి జరిపాను. మర్నాడు మళ్ళీ తడే. కలబంద కూడా నీరుబట్టినట్టు మెత్తబడింది. అక్క చెప్పడంలో తేడానా, నాది మతిమరుపా అని అన్నం సయించలేదు. ఓ సాయంత్రం మొదలు నొక్కి చూస్తే వేలు లోపలికి దిగింది. 

మర్నాడు తెల్లారి బాల్కనీలో చప్పుడైతే లేచి వెళ్ళాను. మావారు సి షిఫ్టు, అదే రాత్రి డ్యూటీ, దిగొచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా, మగ్గుతో ఆ కుండీలో నీళ్ళు పోస్తున్నారు.

"అయ్యో అయ్యో, ఏటి సేత్తన్నారండీ!" అని మగ్గు లాక్కున్నాను. నాకూ ఆయన యాసే వచ్చేసింది.

"దీనికీ, ఆ కలబందకీ నీళ్ళు పోత్తన్నాను. పైమట్టి ఎండి నెర్రెలిచ్చేత్తంది, నువ్వు సూడట్లేదు కదా!"

"ఎన్నాళ్ళనించి?"

"ఈ షిఫ్టు మొదలైన కాణ్ణించి. రోజూ."

పద్మనాభం ఊళ్ళో వరిమళ్ళ మధ్య పెరిగిన మనిషి. ఎండిన మట్టి కంటబడితే ఆయన ప్రాణం ఊరుకోదు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ఆ క్షణాన ఆయన్ని చంపేద్దామన్నంత కోపమొచ్చింది. "ఇది వరి అనుకున్నారా? మీరు దీన్ని కుళ్ళబెట్టారు!" అని అరిచాను. ఆయన మొదలు నొక్కి చూశారు. మొహం పాలిపోయింది.

అక్కకి ఆపరేషనై ఇంకా మంచం దిగలేదు. ఇప్పుడీ మాట ఎలా చెప్పడం? తిరిగొచ్చాక చెబుదామంటే అప్పటికి ఇది మిగలదు. "నానే సెప్తాను," అని ఆయనే అక్కకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు. ఒక్క మాట దాచలేదు.

 నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"పీకెయ్ తమ్ముడూ," అంది అక్క నీరసంగా. "వేళ్ళ మట్టంతా దులుపు. కత్తి కడిగి, స్పిరిటుతో తుడిచి, కుళ్ళినదంతా కొయ్యి. లోపల తెల్లగా వచ్చేదాకా ఆగకు. ఫంగస్ పట్టకుండా వేసే మందుపొడి రాసి నీడలో ఆరబెట్టు. కోసినచోటు ఎండి గట్టిపడ్డాక ఇసకమట్టిలో పెట్టండి. పెట్టగానే నీళ్ళు పొయ్యకండి."

ఫోన్ పెట్టెయ్యలేదు. ఆయన కోశారు. గోధుమరంగు. ఇంకాస్త కోశారు. గోధుమరంగే. అడుగున బొద్దుగా ఉన్నదంతా ముక్కలై నేలమీద పడింది, ఒక కొమ్మ కూడా పోయింది. "ఇంకా రాలేదక్కా," అన్న ప్రతిసారీ "కొయ్యి" అనేది, అంతే.  నేను చూడలేక గ్రిల్ వైపు తిరిగాను.

"తెలుపొచ్చింది," అన్నారు.

"చుట్టూ చూడు. మచ్చ ఉందా?"

"నేదక్కా."

"ఎంత మిగిలింది?"

 నేనే చెప్పాను, "జానెడు కొమ్మక్కా. అంతే."



"చాలమ్మా. మా ఆయన గుచ్చిన కొమ్మ అంత కూడా లేదు."